అప్‌డేట్: అదనంగా కనిపించిన 14,000 ఎక్కడిదో తెలిసింది

నా మొదటి ప్రశ్న: “మరమ్మతుల విభాగం ఖర్చు 46,000, విద్యుత్ విభాగం ఖర్చు 30,000. ఈ రెండూ ఒకదానికొకటి చేసే సేవలనూ లెక్కలోకి తీసుకునే పరస్పర పద్ధతిలో పంచితే ఉత్పత్తి విభాగాలకు 76,000 బదులు 90,000 ఎందుకు చేరుతోంది?”

సమాధానమిచ్చినవారికి ధన్యవాదాలు. నా సమీకరణాలు సరైనవే. మరమ్మతుల సేవలో 20 శాతం విద్యుత్ విభాగానికీ, విద్యుత్‌లో 10 శాతం మరమ్మతులకూ వెళ్తాయి కనుక, మరమ్మతుల మొత్తం M, విద్యుత్ మొత్తం P అనుకుంటే,

```
M = 46000 + 0.10P
P = 30000 + 0.20M
```

అనే జత నుంచి M = 50,000, P = 40,000 వస్తాయి. ఈ రెండింటి మొత్తం 90,000 కావడం దోషం కాదు. విభాగాలు ఒకదానికొకటి వేసుకున్న 14,000 అందులో రెండోసారి లెక్కకు వచ్చింది.

అసలు పొరపాటు పంపకంలో జరిగింది. ఆ పరస్పర సేవలను పట్టించుకోని ప్రత్యక్ష పద్ధతి అలవాటుతో నేను 50,000ను ఉత్పత్తి విభాగాలైన ‘అ’, ‘ఆ’ల మధ్య 5:3 నిష్పత్తిలో పూర్తిగా పంచేశాను. నిజానికి వాటికి చేరవలసింది అసలు శాతాలైన 50, 30 మాత్రమే. మిగిలిన 20 శాతం విద్యుత్ విభాగానిది. విద్యుత్‌లోనూ అంతే, వాటి వాటాలు 30, 60 శాతాలు. ఇలా సరిదిద్దితే ‘అ’కు 25,000 + 12,000 = 37,000, ‘ఆ’కు 15,000 + 24,000 = 39,000 చేరి, మొత్తం కచ్చితంగా 76,000 అయింది.

పోల్చి చూస్తే, ప్రత్యక్ష పద్ధతిలో ‘అ’కు 38,750 పడుతుంది; ఒక్కో విభాగం ఖర్చును వరుసగా పంచుతూ, మరమ్మతులతో మొదలుపెట్టిన సోపాన పద్ధతిలో సుమారు 36,067. విద్యుత్ నుంచి మరమ్మతులకు వెళ్లే 10 శాతాన్ని వదిలేసినందున సోపాన పద్ధతిలో ‘అ’ భారం పరస్పర పద్ధతి కంటే తగ్గింది. మొత్తం మూడింటిలోనూ 76,000 దాటదు కాబట్టి, ఇకపై ఆ సరిచూపు ముందే చేస్తాను.