బాల్కనీ వెనక శ్లాబు 0.9 మీటరే మిగిలింది: కాంట్రాక్టరుకు ఇలా రాశాను, చూసి చెప్పండి

సైటుడైరీ
ఖమ్మం దగ్గర ఒక సొంత ఇల్లు కడుతున్నాం. రెండో అంతస్తు శ్లాబు శుక్రవారం పోయాలి. ముందు వైపు 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున్న బాల్కనీ ఉంది. అసలు డ్రాయింగులో దాని వెనక 3.6 మీటర్ల పడకగది శ్లాబు ఉండేది. ఇంటాయన మెట్ల చోటు మార్చమన్నారు. కాంట్రాక్టరు నోటిమాట మీదే సెంట్రింగ్ మార్చేశారు. ఇప్పుడు బాల్కనీ బీమ్ వెనక 0.9 మీటరు శ్లాబు, ఆ తర్వాత మెట్ల ఖాళీ. "బీమ్ ఉంది కదా, చువ్వలు అందులోకి వంచితే చాలు" అంటున్నారు. నిన్న రాత్రి ఆయనకు పంపిన ఈమెయిల్ ఇది. తప్పులుంటే పోతకు ముందే తెలియాలి.

> కాంట్రాక్టరు గారికి నమస్కారం.
>
> బాల్కనీని మోసేది బీమ్ ఒక్కటే కాదు. బీమ్ మీద ఆ శ్లాబు కావడిలా ఉంటుంది. బయటి కొస కిందికి లాగుతుంటే లోపలి కొస దాన్ని పట్టి ఉంచాలి. లోపలి భాగం పొట్టిదైతే కావడి ఒక వైపుకు ఒరుగుతుంది.
>
> మన లెక్క చూడండి. 150 మిల్లీమీటర్ల శ్లాబు చదరపు మీటరుకు 375 కిలోలు, పైన టైల్స్, గచ్చు కలిపి 100 కిలోలు. మనుషులు, సామాను కోసం 300 కిలోలు తీసుకోవాలి. అంచున మీటరు ఎత్తు పిట్టగోడ, నాలుగున్నర అంగుళాల ఇటుకతో, పూతతో కలిపి మీటరు పొడవుకు సుమారు 250 కిలోలు. ప్రతి బరువునూ బీమ్ నుంచి దాని దూరంతో గుణించి కూడితే, మీటరు వెడల్పుకు బయటి వైపు లాగుడు 843 వస్తుంది. ఇందులో 285 ఒక్క పిట్టగోడదే.
>
> లోపలి 0.9 మీటరు శ్లాబు తన బరువుతో ఎదురు నిలిచేది 192 మాత్రమే. మిగిలిన 651ని మెట్ల అంచున ఉన్న చిన్న బీమ్ పట్టుకోవాలి. అంటే ఆ బీమ్‌ను శ్లాబు మీటరుకు 723 కిలోల చొప్పున పైకి ఎత్తుతుంది. 3 మీటర్లకు రెండు టన్నుల పైమాటే. ఆ బీమ్ పైన గోడ లేదు, మెట్ల ఖాళీయే ఉంది. దాన్ని కిందికి వంగే మామూలు బీమ్ అనుకుని అడుగున మూడు చువ్వలు, పైన రెండు సన్న చువ్వలు కట్టారు. ఇక్కడ అది పైకి వంగుతుంది.
>
> లోపల 2.4 మీటర్ల శ్లాబు ఉంటే ఎదురు నిలిచే లెక్క 1368 అవుతుంది. అప్పుడు లోపలి కొస లేవదు. కాంక్రీటు కట్టడాల కోడ్ IS 456 చెప్పిన భద్రతతో చూస్తే, అంటే లాగే శాశ్వత బరువును 1.2 రెట్లు, మనుషుల బరువును 1.4 రెట్లు పెంచి, నిలబెట్టే బరువును 0.9కి తగ్గిస్తే, సొంత బరువుతోనే నిలబడడానికి కనీసం 2.2 మీటర్లు కావాలి.
>
> స్ట్రక్చరల్ ఇంజినీరు గారి మార్పు డ్రాయింగు వచ్చే వరకు ఆ భాగం పోయవద్దు. ఈ మెయిల్‌కు జవాబు రాయగలరు.

మేస్త్రీకొడుకు
మా నాన్న ముప్పై ఏళ్లు మేస్త్రీ పని చేశారు, నేను పదేళ్లుగా చిన్న కాంట్రాక్టులు చేస్తున్నాను. మాకు తెలిసిన నియమం ఒకటే: బాల్కనీ ఎంత బయటికి వస్తే పై చువ్వలు దానికి ఒకటిన్నర రెట్లు లోపలికి వెళ్లాలి. 1.2కి 1.8 మీటర్లు. మీకు 0.9 దాటితే చోటు లేదు కాబట్టి, మిగిలిన 0.9ని వెనక బీమ్ దగ్గర కిందికి వంచి, వెనక్కి తిప్పి శ్లాబు అడుగున కట్టండి. చువ్వ పొడవు సరిపోయింది కదా. ఈ మాత్రం దానికి పోత ఆపితే సెంట్రింగ్ అద్దె ఎవరు కడతారు?

పాతడ్రాయింగు
మీ నాన్నగారి నియమం మంచిదే, అది చువ్వ జారకుండా చూస్తుంది. M25 కాంక్రీటులో 10 మిల్లీమీటర్ల Fe500 చువ్వకు పట్టు దొరకడానికి 485 మిల్లీమీటర్ల దాకా చాలు. ఒకటిన్నర రెట్లు అంటే దానికి మించే ఉంటుంది. కానీ ఈమెయిల్‌లోని ప్రశ్న చువ్వ ఊడుతుందా అన్నది కాదు. చువ్వ గట్టిగా పట్టుకున్న ఆ శ్లాబు ముక్క తానే లేస్తే ఏమిటన్నది. కావడి బద్దకు తాడు ఎంత గట్టిగా కట్టినా రెండో బుట్ట ఖాళీగా ఉంటే ప్రయోజనం ఉండదు. చువ్వను తిప్పి కడితే 0.9 మీటరు 1.8 అయిపోదు.

సైటుడైరీ గారూ, లెక్క సరిగానే ఉంది. లోపల ఎవరూ లేకుండా బాల్కనీ నిండా జనం ఉన్న పరిస్థితిని తీసుకున్నారు, అలాగే తీసుకోవాలి. లోపలి వైపు గచ్చు బరువును మాత్రం కలపకండి. గచ్చు పడకముందే పిట్టగోడ లేస్తుంది, పైగా ఎప్పుడైనా టైల్స్ మార్చడానికి దాన్ని పగలగొడతారు. అది తీసేస్తే ఆ 2.2 మీటర్లు 2.5 అవుతుంది.

ఒక మాట అడగాలి. కాంట్రాక్టరు చెప్పినట్టు చువ్వలను ముందు బీమ్‌లోకే వంచి, ఆ బీమ్‌కే మెలితిప్పే బలం మోయించవచ్చు కదా అని ఎవరైనా అంటారు. దానికి మీ జవాబు ఏమిటి?

సైటుడైరీ
ఆయన ఫోనులో సరిగ్గా అదే అన్నారు. లెక్క కట్టాను. వెనక శ్లాబును నమ్మకుండా మొత్తం 843నీ బీమ్‌కే అప్పగిస్తే, 3 మీటర్ల బీమ్‌కు ఒక్కో చివర సుమారు 1265 కిలోగ్రామ్-మీటర్ల మెలి వస్తుంది. బీమ్ వెడల్పు 230 మిల్లీమీటర్లే. కోడ్ పద్ధతిలో ఆ మెలిని బీమ్‌ను తెంపే కోత బలంగా మారిస్తే 8.8 టన్నులకు సమానం. బాల్కనీ బరువు వల్ల అక్కడ వచ్చే అసలు కోత రెండు టన్నుల లోపే. డ్రాయింగులో 8 మిల్లీమీటర్ల రింగులు 200కు ఒకటి ఉన్నాయి, పక్కల చువ్వలే లేవు.

పాతడ్రాయింగు
అది అసాధ్యం కాదు. దగ్గర దగ్గరగా మూసిన రింగులు, నాలుగు మూలల్లో, పక్కల్లో చువ్వలు పెట్టి అలాంటి బీమ్‌లను గీసినవాళ్లున్నారు, నేనూ ఒకసారి గీశాను. కానీ ఆ మెలి చివరికి కాలమ్‌ల్లోకి వెళ్తుంది. కాలమ్‌లను దానికి తగినట్టు వేసి ఉండాలి. మీవి కింది నుంచి ఇప్పటికే పోసినవి. అందుకే నేను ఆ దారి పట్టను.

ఇరవైఎంఎంకంకర
ఈ విషయంలో పాతడ్రాయింగు గారితో పూర్తిగా ఏకీభవించలేను. వెనక 0.9 మీటరు శ్లాబు ఉంది కదా, అది కొంతైనా పట్టుకుంటుంది. మెలిని బీమ్, శ్లాబు పంచుకుంటాయి. అంతా ఒక్క బీమ్ మీదే పడుతుందని లెక్క వేస్తే మరీ బరువైన డిజైను వస్తుంది. వెనక బీమ్‌కు పైన కూడా అడుగున పెట్టినన్ని చువ్వలు, ఆ చివర నుంచి ఈ చివరకు పెట్టి, దాన్ని రెండు కాలమ్‌లకు గట్టిగా కడితే, ఆ రెండు టన్నుల ఎత్తుడు కాలమ్‌లకు పెద్ద లెక్క కాదు. వాటి మీద అంతకన్నా ఎక్కువ బరువే ఉంటుంది.

పాతడ్రాయింగు
ఏ భాగం ఎంత పంచుకుంటుందన్నది పగుళ్లు వచ్చాక మారిపోతుంది, అదే నా భయం. మీ దారిలో వెనక బీమ్ మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఇది చివరి శ్లాబు అయితే కాలమ్ పైన బరువు ఏముంది? సైటుడైరీ గారూ, పైన ఇంకో అంతస్తు వస్తుందా?

సైటుడైరీ
ఇప్పటికి లేదు. ఇదే పైకప్పు. పై బాల్కనీని ఇంటాయన డాబా మీది కూర్చునే చోటుగా వాడతారు. మెట్లు అక్కడిదాకా వెళ్తాయి.

రెండోఅంతస్తు
నేను ఇంజినీరును కాను, ఇల్లు కట్టించుకున్నవాణ్ని. మా బాల్కనీ గుమ్మం దగ్గర, గోడకు ఆనుకుని పైన ఒక సన్న పగులు ఉంది. వాన పడితే అందులోకి నీళ్లు దిగుతున్నాయి. అడుగున చూస్తే శుభ్రంగా ఉంది. రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాను, మళ్లీ అదే గీత తేలింది. మీరు చెబుతున్న ఈ వెనక శ్లాబు మీద కూడా వాటర్‌ప్రూఫింగ్ చేయించాలా?

పాతడ్రాయింగు
మీరు నీళ్ల గురించి అడుగుతున్నారు, నాకు ఆ గీత గురించే ఆందోళనగా ఉంది. మామూలు శ్లాబు అడుగున పగులుతుంది, బాల్కనీ పైన పగులుతుంది. అదీ ఆధారం దగ్గరే, గోడ వెంబడి. మీరు చెప్పిన చోటు సరిగ్గా అదే. ఆ పగులులోంచి దిగే నీరు బాల్కనీని నిలబెట్టే పై చువ్వల మీదే పడుతుంది. రెండు పూతలు వేసినా అదే గీత తేలిందంటే అది కదులుతూ ఉండవచ్చు.

ఈరోజే అంచున ఉన్న పూలకుండీలు, సామాను తీసేయండి. మేస్త్రీతో నీళ్ల గొట్టం పట్టించి బాల్కనీ అంచు, గుమ్మం మట్టాలు రాసుకోండి. నెల తర్వాత మళ్లీ చూడండి. పగులు మీద చిన్న జిప్సం ముద్ద అడ్డంగా పెట్టి తేదీ రాయండి. ముద్ద చీలితే పగులు ఇంకా తెరుచుకుంటోందని అర్థం. అంచు కిందికి వాలినా, ముద్ద చీలినా, అడుగున సెంట్రింగ్ జాకీలు నిలబెట్టి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. పై గచ్చును మాత్రం ఎవరి చేతా పగలగొట్టించకండి.

రెండోఅంతస్తు
కుండీలు పదహారు ఉన్నాయి. ఇప్పుడే తీయిస్తున్నాను. మా బాల్కనీ వెనక స్నానాల గది ఉంది, దాని శ్లాబు ఒక అడుగు కిందికి ఉంటుంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

పాతడ్రాయింగు
ఉండవచ్చు. లోపలి శ్లాబు అడుగు కిందికి దిగితే పై చువ్వలు నేరుగా లోపలికి వెళ్లలేవు, బీమ్‌లోనే ఆగిపోతాయి. సైటుడైరీ గారి కాంట్రాక్టరు చేయబోయింది అదే. మీ డ్రాయింగు ఉంటే వెతికి పెట్టుకోండి. లేకపోతే చువ్వలు ఎక్కడున్నాయో కవర్ మీటరుతో పైనుంచి చూడవచ్చు. ఎంత లోతున ఉన్నాయన్నది కూడా ముఖ్యమే.

మేస్త్రీకొడుకు
లోతు గురించి నేనూ ఒక మాట చెబుతాను, ఇది నా కళ్లతో చూసింది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు బాల్కనీ చువ్వల మీదే నడుస్తారు. పై చువ్వలను ఎత్తి పట్టే కుర్చీలు సరిగా లేకపోతే చువ్వ ఒకటిన్నర అంగుళం కిందికి దిగిపోతుంది. పోత అయ్యాక ఎవరికీ కనిపించదు. ఈమెయిల్‌లో అది కూడా రాయవలసింది. వెనక శ్లాబు ఎంత ఉన్నా, చువ్వ నడుములోకి దిగితే బాల్కనీ వాలుతుంది.

సైటుడైరీ
నిజమే, రాయలేదు. 150 మిల్లీమీటర్ల శ్లాబులో చువ్వ మధ్యగీత అడుగు నుంచి 120 ఎత్తున ఉండాలి. అంగుళంన్నర దిగితే దాదాపు మూడో వంతు బలం పోతుంది. కుర్చీలు మీటరుకు ఒకటి, నడవడానికి చెక్కలు అని ఇప్పుడే రెండో మెయిల్ పంపాను.

మిగతా సంగతి. స్ట్రక్చరల్ ఇంజినీరు గారు సాయంత్రం వచ్చారు. రెండు కాలమ్‌ల నుంచి బయటికి రెండు కాంటిలివర్ బీమ్‌లు తెచ్చి, వాటిని లోపలి 3.6 మీటర్ల బీమ్‌లతో ఒకే వరుసలో కలుపుతామన్నారు. అవి మెట్ల ఖాళీకి రెండు పక్కల నుంచి వెళ్తాయి కాబట్టి వాటి వెనక భాగం తెగదు. శ్లాబు ఇక ఆ రెండు బీమ్‌ల మధ్య ఆనుతుంది, కాబట్టి దాని వెనక 0.9 మీటరు చాలు. కొత్త బీమ్‌ల జాకీలు 21 రోజులు ఉంచాలి, తీసేటప్పుడు బయటి కొస నుంచి మొదలుపెట్టాలి అని డ్రాయింగు మీదే రాశారు. కాలమ్‌ల పైన బరువు గురించి మీరు అడిగింది ఆయన ముందు పెట్టాను. వెనక బీమ్‌లు మోసే పైకప్పు బరువుతో సరిపోతుందో లేదో రేపు లెక్క చూసి చెబుతానన్నారు.

ఇరవైఎంఎంకంకర
కాంట్రాక్టరు ఏమన్నారు?

సైటుడైరీ
మెయిల్‌కు జవాబు రాయలేదు, నేరుగా సైటుకు వచ్చారు. లెక్క కాగితం మీద గీసి చూపించాక కాసేపు మాట్లాడలేదు. పక్క ఊళ్లో తాను పోసిన ఇంకో ఇల్లు ఉందట, మెట్ల పక్కన ఇలాంటి బాల్కనీతోనే. పిట్టగోడ ఇంకా కట్టలేదట. ఆదివారం ఇద్దరం వెళ్లి చూస్తున్నాం. పోత వచ్చే బుధవారానికి మారింది. సెంట్రింగ్ అద్దె ఇంటాయనదా, కాంట్రాక్టరుదా అన్నది ఇంకా తేలలేదు.