ఢిల్లీ నుంచి శ్రీకాకుళానికి భౌతికకాయం: కాగితాలు ఏమేం కావాలి?

ప్రశ్న అడిగినవారు: గుండెజబ్బుతో ఢిల్లీ ఆసుపత్రిలో చేరిన మా బావగారు ఈ ఉదయం పోయారు. ఇక్కడ అక్క, నేనే ఉన్నాం. ఊళ్లోనే దహనం చేయాలని అక్క పట్టుబడుతోంది. మరణ ధ్రువపత్రం చేతికొచ్చేదాకా ఆగాలా?

ఒక సభ్యుడు: ఆగక్కర్లేదు తమ్ముడూ. ఊళ్లో దహనం కాగానే పంచాయతీ కార్యదర్శికి చెప్పండి, ఆయనే ఇస్తారు.

ఢిల్లీలో ఉంటున్న సభ్యురాలు: ఆగక్కర్లేదన్నది నిజమే. కానీ దహనం ఎక్కడ జరిగినా, మరణం నమోదయ్యేది చనిపోయిన చోటే. ఆసుపత్రిలో పోయారు కాబట్టి రిజిస్ట్రారుకు తెలపాల్సింది ఆసుపత్రివారే, గడువు 21 రోజులు. మరణానికి కారణం రాసిన వైద్యుడి పత్రం మీరూ అడిగి తీసుకోండి. వాళ్లు పంపే ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు పొడి అక్షరంగా రాస్తే తర్వాత బ్యాంకులో, పింఛను దగ్గర అక్కగారు తిరగాల్సి వస్తుంది.

కదిరి సభ్యుడు: మా నాన్నగారిని బెంగళూరు నుంచి ఫ్రీజరు పెట్టె ఉన్న అంబులెన్సులో తెచ్చాం. శరీరం పాడవకుండా మందు ఎక్కించే ఎంబామింగ్ ఊసే రాలేదు. మీరూ అంబులెన్సు మాట్లాడుకోండి.

ఢిల్లీ సభ్యురాలు: కదిరికి కొన్ని గంటలు చాలు. శ్రీకాకుళానికి రోడ్డు మీద ఒక రోజు దాటిపోతుంది, విమానమే మేలు. విమానానికి ఎంబామింగ్ చేసినట్టు పత్రం, పెట్టె సీలు చేసినట్టు పత్రం, ఆసుపత్రి పత్రం, స్థానిక పోలీసు స్టేషన్ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, బావగారివీ వెంట వెళ్లేవారివీ గుర్తింపు కార్డులు అడుగుతారు. ఎయిమ్స్ శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో ఎంబామింగ్ చేస్తారు. పెట్టెను అప్పగించేది కార్గో టెర్మినల్‌లో. అందుకే ముందు కార్గోవారితో మాట్లాడి, ఆ విమానంలో పెట్టె పడుతుందని తేలాకే మీ టికెట్లు కొనండి. విశాఖలోనూ కార్గో దగ్గరే అప్పగిస్తారు, వాహనం అక్కడికే రమ్మనండి. భాష ఇబ్బందైతే ఆంధ్ర భవన్‌కు ఫోను చేయండి.

ఒక పెద్దాయన: ఇంత ప్రయాస ఎందుకు బాబూ, నిగంబోధ్ ఘాట్‌లో దహనం చేసి అస్థికలు తీసుకెళ్లకూడదా?

ఢిల్లీ సభ్యురాలు: అదీ మార్గమే. ఆసుపత్రి పత్రం, ఆధార్‌ చూపించి సమయం తీసుకోవాలి. కట్టెలా, గ్యాసా అని అడుగుతారు. దహనం రసీదు పారేయకండి, అస్థికలతో ప్రయాణానికి అడగవచ్చు. నిర్ణయం మాత్రం అక్కగారిదే.

ప్రశ్న అడిగినవారు: అక్క ఊరికే అంటోంది. ఫారంలో పొడి అక్షరమే ఉంది, ఇప్పుడే దిద్దించాను. కార్గోవారు రేపు ఉదయం విమానం చెప్పారు. ఎంబామింగ్ అయ్యాక ఊళ్లో స్నానం చేయించవచ్చా?

ఢిల్లీ సభ్యురాలు: ఎక్కించిన మందులో ఫార్మలిన్ ఉంటుంది, కళ్లు మండుతాయి. పెట్టెను ఆరుబయట తెరవండి, చేతికి తొడుగులు వేసుకోండి. నీళ్లు చిలకరిస్తే చాలు.

పెద్దాయన: మా వైపు చిలకరింపుతో సరిపెట్టరు. మీ పురోహితుణ్ణి ఈ రాత్రే అడిగి ఉంచండి.