బి12 262 "నార్మల్" అంటున్నారు, పాదాల్లో తిమ్మిర్లు మాత్రం తగ్గట్లేదు. ఎంఎంఏ టెస్టు చేయించాలా?

మేఘమాల:
నాకు 34 ఏళ్లు. పన్నెండేళ్లుగా మాంసం, గుడ్లు తినను. పాలు రోజుకో గ్లాసు తాగుతాను. నాలుగు నెలలుగా రెండు పాదాల్లో తిమ్మిరి, రాత్రిళ్లు ఎక్కువ. బి12 262 పికోగ్రాములు వచ్చింది, రిపోర్టులో 197 నుంచి 771 దాకా నార్మల్ అని ఉంది. హిమోగ్లోబిన్ 11.4, ఎంసీవీ 84. డాక్టర్ గారు బి12 బాగానే ఉందన్నారు. ఎంఎంఏ అనే టెస్టు గురించి ఎక్కడో చదివాను. చేయించాలా, వదిలేయాలా?

ఎనిమిదోమెట్టు:
ఎంఎంఏ అంటే కుస్తీ పోటీలు కదండీ 😀

ల్యాబ్‌కిటికీ:
చేయించండి. 262 అంటే ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. 200కీ 300కీ మధ్య వచ్చిన అంకె మీద నేనైతే ఏ తీర్పూ ఇవ్వను. మామూలు బి12 టెస్టు రక్తంలో ఉన్న మొత్తాన్ని కొలుస్తుంది. అందులో చాలా భాగం హాప్టోకోరిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని తిరుగుతుంది, కండరాలూ నరాలూ దాన్ని తీసుకోలేవు. వాటికి పనికొచ్చేది ట్రాన్స్‌కోబాలమిన్ మీద ఉన్న పావు వంతో, అంతకన్నా తక్కువో.

ఎంఎంఏ లెక్క వేరు. మిథైల్‌మలోనిల్ అనే పదార్థాన్ని మార్చడానికి కణానికి బి12 కావాలి. అది చాలకపోతే పని ఆగి, మిథైల్‌మలోనిక్ ఆమ్లం రక్తంలోకి పొంగుతుంది. గాదెలో గింజలున్నాయా అన్నది ఒక ప్రశ్న, పొయ్యి మీద అన్నం ఉడికిందా అన్నది ఇంకో ప్రశ్న. ఎంఎంఏ రెండోదానికి జవాబు చెబుతుంది.

రెండు ప్రశ్నలు. ఈ టెస్టుకి ముందు ఏమైనా విటమిన్ మాత్రలు వేసుకున్నారా? ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూశారా?

శాకంబరి:
పాలు తాగేవాళ్లకి బి12 లోపం రాదు. పైగా ఎంసీవీ 84. బి12 తక్కువైతే ఎర్రకణాలు పెద్దవై 100 దాటాలి. ఊరికే భయపెట్టకండి. అంత అనుమానంగా ఉంటే హోమోసిస్టీన్ చేయించుకుంటే చాలు, ఎంఎంఏ చెప్పేదే అదీ చెబుతుంది, చాలా చోట్ల దొరుకుతుంది కూడా.

ల్యాబ్‌కిటికీ:
పాల మాట సగం నిజం. ఒక గ్లాసులో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, పెద్దవాళ్లకి రోజుకి 2.4 కావాలంటారు. ఒక్క గ్లాసు చాలదు.

హోమోసిస్టీన్ ఫోలేట్ తగ్గినా పెరుగుతుంది, బి6 తగ్గినా పెరుగుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు మింగితే ఆ కాస్తా దిగి వచ్చి మనల్ని మభ్యపెడుతుంది. ఎంఎంఏకి ఫోలేట్‌తో సంబంధం లేదు. ఎంసీవీ సంగతికే ఫెరిటిన్ అడిగాను. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బి12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ కలిసి ఉన్న మనిషిలో సగటు 84 దగ్గర నిలబడి ఏమీ తెలియనట్టు ఉంటుంది. అలాంటప్పుడు కణాల సైజుల్లో తేడా చెప్పే ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువగా వస్తుంది.

పొద్దుతిరుగుడు:
ఎంఎంఏ పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్నకి 0.55 వచ్చింది. బి12 లోపమన్నారు, ఏడాది పొడవునా ఇంజెక్షన్లు పొడిచారు. మళ్లీ చేయిస్తే 0.57. ఆ తర్వాతే వేరే డాక్టర్ క్రియాటినిన్ చూసి 2.1 ఉందన్నారు. కిడ్నీ సమస్య! ఏడాది పోయింది. ఆ టెస్టు మనిషిని దారి తప్పిస్తుంది.

ల్యాబ్‌కిటికీ:
మీ నాన్నగారి విషయంలో టెస్టు అబద్ధం చెప్పలేదు, పక్కన క్రియాటినిన్ లేకుండా దాన్ని చదివారు. ఎంఎంఏ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. అవి నెమ్మదిస్తే బి12 సరిపడా ఉన్నా పెరుగుతుంది. మందు ఇచ్చాక వారం, రెండు వారాల్లో అది దిగాలి. అప్పుడే మళ్లీ చూసి ఉంటే ఏడాది ఆగాల్సిన పని ఉండేది కాదు.

పొద్దుతిరుగుడు:
చెప్పడం సులువు. అడిగే మనిషికి అవన్నీ ఎలా తెలుస్తాయి? బి12తో పెద్దగా హాని లేదు కదా. నేరుగా మాత్రలు మొదలెట్టి చూడమనొచ్చు కదా, ఈ టెస్టుల గోల ఎందుకు?

మేఘమాల:
మర్చిపోయాను, క్షమించండి. రక్తం ఇవ్వడానికి పది రోజుల ముందు నుంచీ ఒక మల్టీవిటమిన్ వేసుకుంటున్నాను. ఫెరిటిన్ చూడలేదు.

ల్యాబ్‌కిటికీ:
ఇదిగో, ఇదే అసలు సంగతి. పది రోజుల మాత్రలకే రక్తంలో అంకె పైకి లేస్తుంది, కాబట్టి మీ 262 అసలు 262 కాకపోవచ్చు. ఇప్పుడు ఎంఎంఏ నార్మల్ వచ్చినా ముందు లోపం లేదని చెప్పలేం. క్రియాటినిన్ బాగుండి ఎంఎంఏ ఎక్కువ వస్తే మాత్రం నమ్మొచ్చు.

పొద్దుతిరుగుడు గారి మాట నేను కాదనను, నరాల లక్షణాలున్నప్పుడు రిపోర్టు కోసం రెండు వారాలు కూర్చోకూడదు. ఒకటే కోరేది: ముందు రక్తం ఇచ్చి, అదే రోజు మందు మొదలెట్టండి. తిమ్మిర్లున్నాయి కాబట్టి మీ డాక్టర్ ఇంజెక్షన్లతో మొదలెట్టొచ్చు.

ఎనిమిదోమెట్టు:
స్పిరులినా వాడండి, మొక్కల బి12 బోలెడు.

ల్యాబ్‌కిటికీ:
వద్దు. అందులో ఎక్కువ భాగం బి12ని పోలిన నకిలీ. మన ఒంటికి పనికిరాదు.

శాకంబరి:
సరే, తీరా అందరూ తేల్చింది తిండి తప్పే. ఎవరికి తిమ్మిరి వచ్చినా "మీరు శాకాహారులా?" అని అడగడం, తల ఊపడం!

ల్యాబ్‌కిటికీ:
ఆ మాట నేను ఎక్కడ అన్నానండీ?

శాకంబరి:
మీరు అనలేదు, మా అక్కని అన్నారు. రెండేళ్లు "తిండి మార్చుకోమ్మా" అనే పాటే పాడి, చిన్న మోతాదు మాత్రలిచ్చి పంపేవాళ్లు. బి12 పెరగలేదు, నడక తూలేది. చివరికి బి12ని ఒంటికి పట్టించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మీద యాంటీబాడీలు బయటపడ్డాయి. తిన్నా ఒంటికి పట్టని జబ్బు. శాకాహారం కాబట్టి ఎవ్వరూ ఇంకో కారణం వెతకలేదు. ఇప్పుడు ఇక్కడా అదే జరుగుతోంది.

ల్యాబ్‌కిటికీ:
ఇది మొదటే చెప్పి ఉంటే మనం పాల దగ్గర కొట్టుకునేవాళ్లం కాదు. మీరు అన్నది నిజం. ఎంఎంఏ కణానికి బి12 చాలట్లేదని మాత్రమే చెబుతుంది, ఎందుకు చాలట్లేదో చెప్పదు. తిండిలో తక్కువైనా, పొట్టలో పట్టకపోయినా, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా అంకె అదే. మోతాదు దగ్గర కూడా అదే తేడా. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేని మనిషి నోటితో తీసుకున్నదాంట్లో దాదాపు నూటికి ఒక వంతే లోపలికి వెళ్తుంది. చిన్న మాత్ర అందుకే పనిచేయలేదు. 1000 మైక్రోగ్రాములైతే పది దాకా పట్టి ఉండేది.

మేఘమాల:
మూడు వారాల తర్వాత చెబుతున్నాను. ఎంఎంఏ 0.71, ఆ ల్యాబ్ పరిమితి 0.40. క్రియాటినిన్ 0.7. ఫెరిటిన్ 9. రక్తం ఇచ్చిన రోజే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రాత్రి తిమ్మిరి కాస్త తగ్గినట్టుంది, నిజంగానో నా ఆశో తెలియదు. యాంటీబాడీ టెస్టు అడిగితే డాక్టర్ గారు "శాకాహారులు కదా, అవసరం లేదు" అన్నారు.

శాకంబరి:
చూశారా!

పొద్దుతిరుగుడు:
ఇంకో టెస్టా... పాపం ఆవిడని వదిలేయండి.

ల్యాబ్‌కిటికీ:
నేనైతే అడుగుతాను. నెగటివ్ వచ్చినా కారణం అది కాదని తేలిపోదు, సగం మందిలోనో ఇంకాస్త ఎక్కువ మందిలోనో మాత్రమే ఆ యాంటీబాడీలు దొరుకుతాయి. కానీ పాజిటివ్ అయితే తిండి మార్చినంత మాత్రాన సరిపోదని, మందు జన్మంతా కావాలని ఇప్పుడే తెలుస్తుంది. ఐరన్ ఎందుకు 9కి పడిందో కూడా అడగండి, అది ఇంకా ఎవరూ చూడలేదు.