హైర్ పర్చేజ్‌లో ఒక మిషన్ వెనక్కి పట్టుకెళ్లారు, నష్టం ఎంత రాయాలి?

అందరికీ నమస్కారం. చెన్నై వాషర్‌మన్‌పేటలో మా బావగారి ఎంబ్రాయిడరీ షాపు లెక్కలు నేను రాస్తుంటాను. రెండు మిషన్లు హైర్ పర్చేజ్ మీద తీసుకున్నాం. ఒక్కోదాని నగదు ధర రూ. 50,000. డౌన్ పేమెంట్ 20,000 పోగా మిగిలిన 80,000 ఏడాదికి 20,000 చొప్పున కట్టాలి. ఏటా మిగిలిన బాకీ మీద 10 శాతం వడ్డీ అదనం.

మొదటి ఏడు వడ్డీ 8,000తో కలిపి 28,000 కట్టాం, బాకీ 60,000కి దిగింది. రెండో ఏడు పని పడిపోయి వాయిదా కట్టలేకపోయాం. అమ్మినాయన ఒక మిషన్ పట్టుకెళ్లి, ఏటా 20 శాతం తరుగుదల తీసి 32,000 విలువ కట్టారు. మా పుస్తకాల్లో తరుగుదల 10 శాతమే కాబట్టి దాని విలువ 40,500 ఉంది. రెండు లెక్కలూ తగ్గుతూ వచ్చే విలువ మీదే.

రెండో ఏటి వడ్డీ 6,000 కట్టకపోయినా అమ్మకందారు ఖాతాకి క్రెడిట్ చేశాను. బాకీ 66,000 అయింది, అందులో 32,000 పోతే 34,000. మిషన్ విలువ 40,500కీ 32,000కీ తేడా 8,500 నష్టంగా లాభనష్టాల ఖాతాకి వేశాను.

ఆడిటర్ దగ్గరి అబ్బాయేమో కట్టని వడ్డీ రాయక్కర్లేదంటున్నాడు. అలాగైతే బాకీ 28,000 రావాలి కదా, మరి అమ్మినాయన ఉత్తరంలో 34,000 అనే ఉంది. నా లెక్కే సరైనదా?

ఇంకొకటి. ఆయన ఆ మిషన్‌కి 2,000 పెట్టి బాగుచేయించి 37,000కి అమ్మారట. ఆ 3,000 లాభం ఆయన ఖాతాలోదేనా, లేక మా నష్టంలో తగ్గించుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.