అద్దె ఆటో మానేసి సొంతది కొంటే ఎంత ఈఎంఐ మోయగలం?

మూడుచక్రాలు: ఆరేళ్లుగా అద్దె ఆటో నడుపుతున్నాను. రోజుకు 400 అద్దె. 26 రోజులు తిప్పితే నెలకు 10,400. ఫైనాన్స్ వాళ్లు 2,40,000 లోన్‌కు 36 నెలలు, నెలకు 8,667 అంటున్నారు. రోజుకు గిరాకీ 1,400, అందులో గ్యాస్‌కు 400 పోతుంది. ఇంటి ఖర్చు 14,000. అద్దె కంటే ఈఎంఐ తక్కువే కదా, తీసుకోవచ్చా?

సొంతబండి: కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. ఆరేళ్లు అద్దె కట్టావంటే వాళ్ల బండి రెండుసార్లు కొనిచ్చినట్టే. నేను పోయిన ఏడాది తీసుకున్నాను. ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు. మూడేళ్లు బిగబట్టుకుంటే బండి నీది.

లెక్కలబాబు: ఆదాయంలో 40 శాతం వరకు వాయిదాలకు పోయినా పరవాలేదంటారు, చాలా చోట్ల లోన్ ఇచ్చేవాళ్లు చూసేది కూడా అలాంటి లెక్కే. మీ నెల ఆదాయం 36,400. అందులో 40 శాతం 14,560. 8,667 చాలా సేఫ్.

పాతకలెక్షన్: లెక్కలబాబు గారూ, ఆ శాతం జీతగాళ్ల లెక్క. వాళ్లకు ఒకటో తారీఖున చేతికొచ్చే డబ్బులో గ్యాస్, టైర్ల ఖర్చు ఉండదు. ఇక్కడ 36,400లో గ్యాస్‌కే 10,400 పోయింది. మిగిలిన 26,000 నుంచి లెక్క మొదలుపెట్టాలి.

మూడుచక్రాలు తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లు వాయిదాల వసూళ్లలో పనిచేశాను. ఆటోల ఫైళ్లలో ఎక్కువ చూసిన పొరపాటు నువ్విప్పుడు చేస్తున్నదే. అద్దెను, ఈఎంఐని పక్కపక్కన పెట్టి ఏది చిన్నదని చూడటం. బండి తీయని రోజు నువ్వు అద్దె కట్టవు. జ్వరమొచ్చి వారం పడుకుంటే ఆ వారం అద్దె లేదు. ఈఎంఐకి నీ జ్వరంతో పని లేదు. ఇంకోటి, ఆ 400లో ఓనర్ పెట్టే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, టైర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఉన్నాయి. బండి నీదైతే అవన్నీ నీ నెత్తినే. ఏడాదికి 30,000 అనుకో, అంటే నెలకు 2,500.

ఇప్పుడు 18 రోజులే తిప్పిన నెల చూడు. అద్దె బండికి రోజుకు 600 చొప్పున 10,800 మిగులుతుంది, ఇంటికి 3,200 తక్కువ పడుతుంది. ఎవరినో అడిగి సర్దుకుంటావు. సొంత బండికి 18,000 వస్తుంది. నిర్వహణ, ఇల్లు పోగా మిగిలేది 1,500. ఈఎంఐకి 7,167 తక్కువ. నెల అదే, గిరాకీ అదే, లోటు మాత్రం రెట్టింపు దాటింది.

సొంతబండి: కొత్త బండికి మొదటి ఏడాది రిపేర్లేముంటాయి అన్నా? ఆయిల్ మార్చడం తప్ప నాకేం ఖర్చు రాలేదు. ఇన్సూరెన్స్ కూడా కొన్నప్పుడే కట్టేశారు.

పాతకలెక్షన్: నిజమే, మొదటి ఏడాది అలాగే ఉంటుంది. అందుకే ఆ ఏడాది వాయిదాలు తప్పేవాళ్లు తక్కువ. టైర్లు, బ్రేకులు, రెన్యూవల్ అన్నీ ఒకేసారి వచ్చేది తర్వాత. నీకు ఇప్పుడు రాని ఖర్చును ఇప్పుడే దాచుకుంటున్నావా లేదా అన్నది చూడు.

రాత్రిడెలివరీ: నేను బైక్ మీద ఫుడ్ డెలివరీ. నా ఈఎంఐ 3,400 మాత్రమే, అయినా రెండుసార్లు బౌన్స్ అయింది. ఇన్సెంటివ్ వస్తుందని లెక్కేసుకున్నా, స్లాబ్ మార్చేశారు. తర్వాత ఐడీ నాలుగు రోజులు ఆగిపోయింది. 5వ తేదీ ఖాతాలో 600 తక్కువుంటే అటు ఫైనాన్స్ వాళ్లు చార్జీ వేశారు, ఇటు బ్యాంకు వేసింది. అసలు ఐటీ రిటర్న్ లేకుండా బ్యాంకులో తక్కువ వడ్డీకి లోన్ ఇస్తారా? ఎవరైనా చెప్పండి.

పాతకలెక్షన్: బ్రదర్, అది వేరే ప్రశ్న, విడిగా అడుగు. ఇన్సెంటివ్ మాట మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. దాన్ని ఈఎంఐ లెక్కలోకి అసలు రానివ్వకూడదు. వస్తే దాచుకునే డబ్బులోకి పోవాలి.

మూడుచక్రాలు: అన్నా, మా ఓనర్ దగ్గర అద్దె పుస్తకం ఉంటే తీసి చూశాను. పోయిన 12 నెలల్లో తొమ్మిది నెలలు 26 రోజులకు అటూఇటుగా ఉంది. మూడు నెలలు మాత్రం 20, 21, 22. రెండు వానల్లో, ఒకటి నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నేను నెలకు 26 అని గట్టిగా నమ్ముతున్నా ఇన్నాళ్లూ.

పాతకలెక్షన్: ఆ పుస్తకం ఏ జీతం చీటీకీ తీసిపోదు. దాంతోనే చూద్దాం. మంచి నెలలో 26,000 నుంచి 2,500, 14,000 తీస్తే 9,500 మిగులు. చెడ్డ నెలలో సగటున 21 రోజులు, అంటే 4,500 మిగులు. తొమ్మిది మంచివి, మూడు చెడ్డవి కలిపితే ఏడాదికి 99,000. ఈఎంఐలు 1,04,004. ఏటా 5,000 లోటు, అది కూడా వేరే ఏ దెబ్బా తగలకపోతే. మంచి నెలలో 833 మిగులుతుంది కాబట్టి బాగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. తేడా తెలిసేది చెడ్డ నెలలు వరుసగా వచ్చినప్పుడే. ఒక్కో దాంట్లో 4,167 ఎక్కడినుంచో తేవాలి.

నా లెక్కలో నీకు 7,000 దాటకూడదు. ఏడాదికి 15,000 చేతిలో ఉంటుంది.

లెక్కలబాబు: సరే, గ్యాస్ తీయకుండా లెక్కేయడం నా తప్పే. అయితే 48 నెలలు పెట్టించుకుంటే పోదా? వాళ్లది ఫ్లాట్ 10 శాతంలా ఉంది. 48 నెలలకు సరిగ్గా 7,000 వస్తుంది.

పాతకలెక్షన్: ఫ్లాటే. మొత్తం అప్పు మీద మూడేళ్ల వడ్డీ 72,000 కలిపి 36తో భాగించారు. నువ్వు అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం తగ్గదు. తగ్గే బాకీ మీద చూస్తే అది 18 శాతానికి దగ్గర. 2024 అక్టోబర్ నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ సంతకానికి ముందే ఏపీఆర్, అంటే చార్జీలన్నీ కలిపి ఏడాదికి పడే నిజమైన వడ్డీ శాతం, రాసిన ఒక కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు, నీకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి. ఆ ఏపీఆర్‌ను ఇంకో చోట ఇచ్చినదానితో పోల్చు, ఫ్లాట్ శాతాన్ని కాదు.

48 నెలలంటే వడ్డీ 24,000 పెరుగుతుంది. పైగా పాతబడే బండికి ఖర్చులు పెరిగే నాలుగో ఏడాది కూడా ఈఎంఐ ఉంటుంది. నేనైతే ఇంకో 40,000 డౌన్ పేమెంట్ కూడబెట్టి 2,00,000 తీసుకోమంటాను. 36 నెలలకు 7,222 అవుతుంది, నేను చెప్పిన 7,000 కంటే కాస్త ఎక్కువే అయినా దగ్గరే.

సొంతబండి: ఆ 40,000 కూడబెట్టేలోపు ఇంకో ఏడాది అద్దె పోతుంది అన్నా. అది మాత్రం మీరు లెక్కలో వేయలేదు. 24,000 ఎక్కువైనా 48 నెలలే నయం.

పాతకలెక్షన్: వేయలేదు, ఒప్పుకుంటా. కానీ చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్‌కు పోసి, ఖాతాలో సున్నాతో మొదలుపెట్టినవాళ్ల ఇళ్లకు నేను రెండో నెలలోనే వెళ్లాను.

మూడుచక్రాలు: 7,000 ఈఎంఐ, 2,500 నిర్వహణ. 21 రోజులతో భాగిస్తే బండి తీసిన రోజుకు 452. అద్దె 400 కంటే ఎక్కువ. ఈ నెల నుంచి అద్దె కట్టాక రోజూ 52 విడిగా డబ్బాలో వేసి చూస్తాను. వానలు అయ్యేదాకా ఆగుతాను. సొంతబండి అన్నా, మీరు మొదటి ఏడాది చెడ్డ నెలలు ఎన్ని చూశారు?

సొంతబండి: ఒకటి. పెళ్లిళ్ల సీజన్ కలిసొచ్చింది.