ఏదుమా, ఇద్దుమా?

సర్వేపిల్ల: యాసంగి వరి మీద రైతుల సర్వే చేస్తున్నాం. ఒక పెద్దాయన "మాది ఏదుం మడి" అన్నాడో "ఇద్దుం మడి" అన్నాడో, రికార్డింగులో మోటార్ చప్పుడుకి మొదటి అక్షరం పోయింది, నేను ఇద్దుం అని రాసేశాను. యూరియా 45 కిలోల బస్తాలు 3, వడ్లు 40 కిలోల బస్తాలు 70 అన్నాడు. ఏది వింటారు మీరు?

కంకి: ఏదుం అంటే ఏడు తూములు కదా, ఇంకేం డౌటు.

పాతపుస్తకం: ఏడు కాదు స్వామీ, ఏను, అంటే అయిదు. రెండు తూములు ఇద్దుం, ఏను తూములు ఏదుం, పది తూములు పందుం, ఇరవైకి పుట్టి. ఏనూరు అంటే అయిదొందలు, వినలేదా?

కంకి: మరి శ్రీనాథుడు బొడ్డుపల్లెలో పంట పోయి కట్టలేనన్నది ఏనూరు టంకాలేనా?

పాతపుస్తకం: "టంకంబు లేడునూర్లు", ఏడొందలే. యతి రెండిటికీ కుదురుతుంది గానీ "లేనూర్లు" అంటే తేటగీతి చివర రావాల్సిన రెండు సూర్యగణాలు కుదరవు. పాపం కృష్ణ వరదకి కొంత, పిట్టలకి కొంత పోయాక మిగిలింది శిస్తే, ఆ చాటువు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

గట్టుమీద: పద్యం తర్వాత, ముందు లెక్క చూడండి. ఆ ఊళ్ళో తూమెడు విత్తనం పట్టే మడి పది గుంటలనుకుందాం, ఇద్దుం అయితే అరెకరం, అంటే వడ్లు 28 క్వింటాళ్ళు అరెకరంలోనే, ఎకరానికి 56 పడుతుంది, ఎవరు నమ్ముతారు? యూరియా కూడా ఎకరానికి 270 కిలోలైపోతుంది. ఏదుం అయితే ఎకరం పది గుంటలు, దిగుబడి 22 క్వింటాళ్ళ పైన, యూరియా 108 కిలోలు, సరిపోతుంది. అసలు ప్రమాదం ఇంకోటుంది. విస్తీర్ణం తక్కువ రాస్తే ఎరువూ దిగుబడీ రెండూ ఒకేసారి పెరుగుతాయి, అలాంటి తప్పులు పది పడితే "యూరియా ఎక్కువేస్తే పంట ఎక్కువ" అని మీ గ్రాఫ్ చక్కగా అబద్ధం చెబుతుంది.

సెంటుభూమి: మాకు సెంట్లే, ఎకరానికి వంద. గుంటలకి నలభైతో భాగించాలా, వందతోనా? మా అన్నదమ్ముల పంపకంలో ఇదే గొడవ.

గట్టుమీద: గుంటలైతే నలభై అండి, మీది వేరే సంగతి. సర్వేపిల్లా, తూముకి ఒకే పట్టిక పెట్టకు, అది విత్తనం కొలత, చల్లే నేలకీ నాటేసే మడికీ, ఊరికీ ఊరికీ మారుతుంది. రైతుని ఆ మడికి నారు ఎన్ని కిలోలు పోశావు అని అడుగు, అక్కడ పట్టుబడుతుంది.

సర్వేపిల్ల: పాస్‌బుక్కులో ఎకరం పది గుంటలే ఉంది. కానీ అందులో బావిగడ్డ, కొంచెం బీడు కూడా ఉన్నాయంట, నాటేసింది ఎంతో ఆయనకే లెక్కలేదు. ఏదుమే రాసేయనా, ఫోన్‌తో గట్టు చుట్టూ తిరిగి కొలవనా?

పాతపుస్తకం: కొలవమ్మా. మాటల్లో మాట, ఏదుం కాదు, అరసున్నతో ఏఁదుము అని రాయాలి.

కంకి: అరసున్న ఎక్కడ టైప్ చేస్తారు సార్ ఈ కీబోర్డులో?