ఆర్సీ పోయింది ఆంధ్రాలో, బండి రిజిస్ట్రేషన్ ఒడిశాలో: ఏ స్టేషన్ కాగితం చెల్లుతుంది?

మాది గజపతి జిల్లా. బండి OD-20 సిరీస్, నా పేరు మీదే ఉంది. లోను తీరిపోయింది, ఆర్సీలో ఫైనాన్స్ పేరు కూడా తీయించేశాను. కాబట్టి డూప్లికేట్ ఆర్సీకి పెట్టే ఫారం 26 మీద ఫైనాన్స్ వాళ్ల సంతకం అక్కర్లేదు.

పోయిన నెల శ్రీకాకుళం నుంచి వస్తుంటే బస్సులో పర్సు పడిపోయింది, ఆర్సీ కార్డు అందులోనే ఉంది. మా ఊరి స్టేషన్‌కి వెళ్తే, పోయింది ఆంధ్రాలో కదా, అక్కడే ఇవ్వమన్నారు. సరిహద్దు దాటి వెళ్లి ఇచ్చాను. దొంగతనం కాదు కాబట్టి ఎఫ్ఐఆర్ కట్టలేదు. నా దరఖాస్తు జిరాక్సు మీద స్టేషన్ ముద్ర వేసి, నీలం ఇంకుతో స్టేషన్ జనరల్ డైరీ నంబరు, అదే జీడీ నంబరు, తేదీ రాసిచ్చారు. అదంతా తెలుగులోనే ఉంది.

వాహన్ సైట్‌లో డూప్లికేట్ ఆర్సీకి పెడుతుంటే ఎఫ్ఐఆర్ నంబరు అడిగింది. అక్కడ జీడీ నంబరే వేసి ఫీజు కట్టాను. కాగితాలు తీసుకెళ్తే కౌంటర్లో తెలుగు చదవలేమని, ఒడిశా స్టేషన్ కాగితం తెమ్మని తిప్పి పంపారు. నోటరీ అఫిడవిట్ చూపించినా ఒప్పుకోలేదు.

తనిఖీలో డిజిలాకర్ ఆర్సీ చూపిస్తే సరిపోతుంది, దానికి ఇబ్బంది లేదు. కానీ బండి అమ్మాలి, కొనేవాళ్లు కార్డు చేతికిస్తేనే డబ్బులంటున్నారు.

గంజాం, గజపతి, రాయగడ వైపు వాళ్లు చెప్పండి: ఆంధ్రా స్టేషన్ జీడీ కాగితానికి ఇంగ్లీషు అనువాదం నోటరీ చేయించి జతచేస్తే, ఒడిశా ఆర్టీఓలో మీకెవరికైనా డూప్లికేట్ ఆర్సీ వచ్చిందా?